రివిజనే కదా మేడమ్

జూన్‌లో బడి తెరవగానే మేం ఇంగ్లీషు టీచర్లం కూర్చుని చేసే మొదటి పని టర్మ్ ప్లాన్ వేయడం. కార్ఖానా అనే పేటలోని మా హైస్కూల్లో తొమ్మిదో తరగతి గ్రామర్ ప్లాన్ చాలాకాలంగా నేనే రాస్తున్నాను. ముందు టెన్సులు, తర్వాత కర్తకు తగిన క్రియ, ఒక వారం రివిజన్, వెంటనే యూనిట్ టెస్టు. ఆపైన పాసివ్ వాయిస్, రిపోర్టెడ్ స్పీచ్, మళ్లీ రివిజన్, హాఫ్ ఇయర్లీ. ఈ వరస నేను సరదాకి పెట్టింది కాదు. క్రియ మూడో రూపం రానివాడికి పాసివ్ చెప్పడం పునాది లేకుండా గోడ లేపడమే. టెన్సులే తెలియనివాడికి రిపోర్టెడ్ స్పీచ్ చెప్పడం అంతకన్నా దండగ.

కానీ ప్లాన్‌లో రివిజన్ అన్న మాట కనబడితే చాలు, ఆ వారం ఊరుమ్మడి సొత్తు అయిపోతుంది. కళ్ల పరీక్షలు ఆ వారమే, యాన్యువల్ డే డాన్సు ప్రాక్టీసూ ఆ వారమే. వచ్చినవాళ్లంతా గుమ్మంలో నిలబడి "రివిజనే కదా మేడమ్" అంటారు. ఆ మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

ఆ ఏడు బి సెక్షన్‌కు కొత్త టీచరమ్మ వచ్చింది. వాళ్ల నాన్నకు మా బడికి దగ్గర్లోనే టైలరింగ్ షాపు. చదువు చెప్పడంలో చురుకే కానీ ఎదుటి మనిషికి కాదని చెప్పలేదు. హాఫ్ ఇయర్లీలో బి సెక్షన్ మార్కులు చూసి ఉద్యోగం ఖాయం చేస్తామని ప్రిన్సిపాల్ గారు చేరిన రోజే చెప్పారు. అయినా మొదటి రివిజన్ వారం డాన్సు మాస్టారు అడగ్గానే "సరే సార్" అని ఇచ్చేసింది. యూనిట్ టెస్టులో పిల్లలు బోల్తా పడ్డారు.

తర్వాత వానలకు సెలవులు, వాటి వెనకే బోనాల సెలవులు. పాసివ్ ముగిసేసరికి ప్లాన్ వెనకబడింది. "రెండో రివిజన్ తీసేయండి, రిపోర్టెడ్ స్పీచ్ మొత్తం అయిపోవాలి. మనకు పోర్షన్ ముఖ్యం" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

ఆ అమ్మాయి స్టాఫ్‌రూములో నా ముందు క్లాసు పుస్తకాల కట్ట పెట్టింది.

"మేడమ్, సగం మంది 'ఈట్'కు మూడో రూపం 'ఈటెడ్' అని రాసిన్రు. గిట్ల ఉంటే కొత్త పాఠం ఎట్ల షురూ చేస్తా? ఆ ఒక్క వారం గూడ పోతే వీళ్లు పాస్ కారు. నా నౌకరీ సుత ఉండది."

కళ్లు నిండాయి ఆమెకు. నాకు జాలికన్నా ముందు కోపమే వచ్చింది, పోర్షన్ మీద.

దారి ఒకటే కనబడింది. రిపోర్టెడ్ స్పీచ్‌లో మామూలు వాక్యాలు మాత్రం ఇప్పుడు చెప్పి, ప్రశ్నలూ ఆజ్ఞలూ రెండో టర్ముకు జరపాలి. అలా జరిపితే పరీక్ష పేపరు కూడా మారాలి, చెప్పని పాఠంలోంచి అడగకూడదు కదా. చిక్కేమిటంటే, మాకూ బొల్లారం బ్రాంచికీ ప్లానూ పేపరూ ఒకటే. అక్కడి ఇంగ్లీషు సారు పోర్షన్ అందరికన్నా ముందే ముగిస్తారని పేరు. ఆయన్నే ఉదాహరణగా చూపి మా ప్రిన్సిపాల్ గారు మమ్మల్ని దెప్పేవారు.

శనివారం బడి వదిలాక బొల్లారం వెళ్లాను. సారు నేను చెప్పిందంతా విని, లేచి స్టాఫ్‌రూము తలుపు దగ్గరికేశారు.

"మేడమ్, మీతోని దాపరికమేంది. అయిపోయిందని సంతకమైతే పెట్టిన. పిల్లలైతే మామూలు వాక్యాల కాడనే ఆగిన్రు. రివిజన్ వారంల మాకు సుత డాన్సే."

దొందూ దొందే అనుకుని ఇద్దరం నవ్వుకున్నాం. ప్రశ్నలకూ ఆజ్ఞలకూ ఉన్న మార్కులను టెన్సులకూ పాసివ్‌కూ పంచి, కొత్త ప్లాన్ మీద ఇద్దరం సంతకాలు చేశాం. ఆ సారు సంతకం చూశాక మా ప్రిన్సిపాల్ గారూ దాని పక్కనే సంతకం పెట్టేశారు.

రివిజన్ వారం వచ్చింది. నేను పక్క గదిలో పాఠం చెబుతుండగా వరండాలో డాన్సు మాస్టారి గొంతు వినబడింది.

"రివిజనే కదా మేడమ్, రెండు పీరియడ్లు జెర ఇయ్యున్రి."

ఆమె మళ్లీ సరే అంటుందేమోనని గబగబా బయటికొచ్చాను. ఆమె సుద్దముక్క కింద పెట్టలేదు.

"అవును సార్, రివిజనే. అందుకే ఇయ్యను."

మాస్టారు నా వంక చూశారు. ఎంత సంతోషమేసిందో, నేనేమీ ఎరగనట్టు నా క్లాసులోకి వచ్చేశాను.

తర్వాతి జూన్‌లో ప్లాన్ రాసే పని, ఉద్యోగం ఖాయమైన ఆ అమ్మాయికే అప్పగించాను. పక్కనే కూర్చుని చూస్తున్నాను. ఆమె టెన్సులతో మొదలుపెట్టలేదు. ముందు రివిజన్ వారాలు రాసుకుంది. మిగిలిన వారాల్లో పాఠాలు పెట్టింది.