చెప్పుల దగ్గర ఆగిన చూపు

నేను మొండిదాన్నని మా ఇంట్లో ఎప్పటినుంచో అంటూనే ఉన్నారు. ఆఫీసులో వాళ్ళకి ఆ సంగతి తెలియడానికి మాత్రం ఒక మిరపచేను కావాల్సి వచ్చింది. అదీ ఫోనులో ఆడుకునే మిరపచేను.

బ్రాడీపేటలో ఒక పళ్ళ డాక్టరు క్లినిక్ పైన మా ఆఫీసు. కింద ఆయన పళ్ళు పీకేవాడు, పైన మేం గేములు చేసేవాళ్ళం. ఆ ఏడు ఒక విత్తనాల వ్యాపారి తన ప్రచారం కోసం రైతు గేము చేయించుకుంటున్నాడు. ఆడేవాళ్ళే ఆసామి. చేలో తిరుగుతారు, పురుగు పట్టిందేమో చూసుకుంటారు, నీళ్ళు పెట్టిస్తారు, కాయ కోయిస్తారు. ఆ కాయ కోసే ఆడమనిషి నా వంతుకి వచ్చింది. ఆసామి దగ్గరికి రాగానే ఆమె తల అతని వైపు తిరగాలి. వినడానికి ఎంత తేలికో చూడండి.

మొదటిరోజు హద్దులేమీ పెట్టకుండా, ఆసామి ఎటుంటే అటు చూడమని వదిలేశాను. అతను ఆమె వెనక్కి వెళ్ళాడు. తల కూడా వెనక్కే వెళ్ళింది, ఒళ్ళు మాత్రం ముందుకే ఉంది. ఆఫీసంతా దయ్యం దయ్యం అని కేకలు. సరే, పక్కలకి డెబ్బై డిగ్రీలు, పైకి ముప్పై అని హద్దులు పెట్టాను. ఈసారి ఆసామి వెనకనుంచి దాటుతుంటే కుడిభుజం మీద ఆగిన తల ఒక్క ఉదుటున ఎడమభుజం మీదికి పడింది. సరిగ్గా వీపు వెనక కుడి అయిపోయి ఎడమ మొదలవుతుంది మరి, కంప్యూటరుకి అక్కడ మొహమాటం ఉండదు.

అందుకని వదిలెయ్యడం నేర్పాను. ఆసామి హద్దు బాగా దాటిపోతే ఇక అతన్ని పట్టుకుని వేలాడకూడదు. తలని అతని వైపు లాగే చూపు బలం కొద్దికొద్దిగా తగ్గుతూ సున్నాకి రావాలి, తల మెల్లగా పనిమీదికి మళ్ళాలి. చూడటం మొదలుపెట్టే కోణం కన్నా వదిలేసే కోణం కాస్త ఎక్కువ ఉంచాను. రెండూ ఒకటే అయితే ఆసామి సరిగ్గా ఆ గీత మీద నిలబడినప్పుడు తల చూడాలా వద్దా అని వణుకుతుంది. ఇవన్నీ కుదిరాక ఆమె నిజంగా మనిషిలా కనిపించింది. నాకు భలే సంతోషమేసింది.

ఒక తెలివితక్కువ పని చేశాం. పరీక్షలన్నీ ఆమెని నిటారుగా నిలబెట్టి చేశాం. చేలో ఎవరైనా నిటారుగా నిలబడి కాయ కోస్తారా?

వంగి కోసే కదలిక పెట్టగానే తేడా వచ్చింది. మా లెక్కలో తల ఎంత పైకి లేవాలన్నది ఛాతీని బట్టి ఉంటుంది. వంగినప్పుడు ఛాతీ నేలవైపు ఉంటుంది. అక్కడినుంచి ముప్పై డిగ్రీలు పైకెత్తినా చూపు ఇంకా కిందికే. ఆసామి ఎదురుగా వచ్చి నిలబడితే ఆమె అతని చెప్పులు చూసింది. ఎంత సేపు నిలబడినా చెప్పులే.

"అన్నా, ఇది తప్పు," అన్నాను మా టీమ్ లీడ్‌తో. ఆయన రోజూ చీరాల నుంచి రైల్లో వచ్చే మనిషి. మంచివాడే, కానీ సాయంత్రం రైలు తప్పకుండా ఉంటే చాలు ఆయనకి.

"తప్పేముంది? కూలీలు అలాగేగా ఉండేది. వీడియో పంపితే ఆ విత్తనాల పెద్దమనిషికి తెగ నచ్చింది. వినయంగా ఉందన్నాడు. వదిలెయ్."

వినయమట! నాకు ఒళ్ళు మండింది. నేను సరిగా కట్టని లెక్క వల్ల ఆమె తల లేవలేదు. దానికి వినయమని పేరు పెట్టి వాడుకుంటారా?

పైకి ఉన్న హద్దుని తొంభైకి పెంచాను. మెడ వెనక్కి విరిగినట్టు మడతపడింది, చూడలేకపోయాం.

"చూశావా? ఆమె మెడకి అంతే ఉంది. ఇక పట్టుపట్టకు. నీకిది ఇష్టం లేకపోతే కార్ పార్కింగ్ గేములో మనిషి కావాలి, అందులోకి పో," అన్నాడు లీడ్.

"పోతాను. ఇది అయ్యాక పోతాను."

మెడకి అంతే ఉందన్న మాట మాత్రం నిజం. ఆ నిజమే నాకు దారి చూపించింది. చిన్నప్పుడు కోతల రోజుల్లో శనివారాలు అమ్మతో మిరపచేలోకి వెళ్ళేదాన్ని. చీరమీద పాత చొక్కా, తలకి తువ్వాలు, చేతులు రాత్రిదాకా మంట. ఆసామి గట్టుమీదికి వస్తే సాళ్ళలో ఉన్నవాళ్ళంతా ఇంకా వంగిపోయేవాళ్ళు. నడుమెత్తితే పని ఆపినట్టు లెక్క. అమ్మ ఆపేది. గుప్పిట్లో కాయలు అలాగే ఉంచుకుని, రెండోచెయ్యి నడుముకి ఆనించి, ముందు వీపు లేపేది. ఆ తర్వాతే తల తిప్పి ఆయన మొహంలోకి చూసేది.

"వంగవే, పొద్దుపోతోంది," అనేవాడాయన.

"నా నడుమే కదండీ, వంగుతాలెండి," అనేది అమ్మ, ఏ తొందరా లేకుండా. నాకు భయమేసేది. గర్వం కూడా.

ఆఫీసులో ఫోను ఎదురుగా పెట్టి ఆ లేవడం నేనే చేసి వీడియో తీసుకున్నాను. పక్క సీట్లవాళ్ళు నవ్వారు, నవ్వనీ. ఆ వీడియో చూసుకుంటూ కదలిక కట్టాను. ఆసామి దగ్గరికి వస్తే ముందు నడుము లేస్తుంది. ఛాతీ నిటారు అయ్యేకొద్దీ చూపు బలం పెరుగుతుంది, ముందు కళ్ళు తిరుగుతాయి, వాటి వెనకే తల. అతను వెళ్ళిపోతే తల మెల్లగా ముందుకి మళ్ళుతుంది, ఆ తర్వాత నడుము వంగుతుంది. హద్దు మళ్ళీ ముప్పైకే దించేశాను. ఒక్క డిగ్రీ కూడా అదనంగా అడగలేదు. ఆమె మొహం ఇప్పుడు సూటిగా ఆసామి మొహానికి ఎదురుగా ఉంది.

లీడ్ చూశాడు. "బాగానే ఉంది," అన్నాడు, "కానీ ఆయన ఒప్పుకోడు. పాతదే చూపిద్దాం."

"నేను కొత్తదే చూపిస్తాను అన్నా. తిట్లు నాకే తగలనీ."

వ్యాపారి వచ్చాడు. ఫోను చేతికిచ్చాను. ఆయన తన ఆసామిని హాయిగా సాలు వెంట నడిపించుకుంటూ వచ్చి ఆమె ముందు ఆపాడు. ఆమె నడుమెత్తింది. చూసింది. ఆయన ఎడమకి జరిగాడు, ఆమె తల ఎడమకి వచ్చింది. కుడికి జరిగాడు, కుడికి వచ్చింది. ఆయన బొటనవేలు ఆగిపోయింది. ఫోనుని కాస్త దూరంగా పట్టుకున్నాడు.

"ఏంటమ్మా ఇది, ఇలా చూస్తోంది?"

"మీరొచ్చి నిలబడ్డారు కదండీ. చూస్తోంది."

"మొన్న వీడియోలో బాగుంది. తల దించమను."

లీడ్ నావైపు చూశాడు, ఊరుకో అన్నట్టు. పోతే ఉద్యోగమే కదా పోయేది అనుకున్నాను, అది చిన్న సంగతి కాకపోయినా.

"దించుతుందండి," అన్నాను. "ముందు మీరు వెళ్ళండి."

ఆయన నన్ను చూసి, మళ్ళీ ఫోనులోకి చూశాడు. వేలు కదిపాడు. ఆసామి ఆమెని దాటి వెనక్కి వెళ్ళాడు. ఆమె భుజం దాకా చూసి, వదిలేసి, తన తీరిక ప్రకారం తల తిప్పుకుని, నడుము వంచి కాయ అందుకుంది.

మర్నాడు నన్ను కార్ పార్కింగ్ గేములో వేశారు. విడుదలకి ముందు ఆమె తల దించే పని నన్నే చేయమని అడిగారు, అమ్మలాగే తొందరేమీ పడకుండా చెయ్యనని చెప్పాను. అప్పటికి మిగతా కదలికలన్నీ కొత్తదాని మీదే కట్టి ఉండటంతో పాతది తిరిగి పెట్టే వీల్లేదు, ఆ లెక్క విప్పడం ఇంకెవరికీ కుదర్లేదు. గేము అలాగే బయటికి వెళ్ళింది. ఇప్పటికీ ఎవరైనా ఫోనులో ఆసామి అయ్యి ఆ చేలోకి దిగితే, ఆమె నడుమెత్తి మొహంలోకి చూస్తుంది.