గొళ్ళెం

మా అమ్మ తమ్ముడికే నన్నిచ్చి చేశారు. దర్శి దగ్గర మిరప, పత్తి వేసుకునే ఇల్లు. అమ్మమ్మే నాకు అత్తగారైంది. మొదటి కాన్పులో పాప పుట్టినప్పుడు ఒళ్ళంతా నూనె కాగితం చుట్టినట్టు మెరిసే పొర ఉంది. పది పదిహేను రోజుల్లో ఆ పొర ఊడిపోయింది. దాని కింద చేప పొలుసుల్లాంటి చర్మం.

"గ్రహణం పూట బయట తిరిగుంటావు" అంది అమ్మమ్మ. నేను తిరగలేదు. తిరగలేదని ఎన్నిసార్లు చెప్పినా నమ్మలేదు.

గుంటూరులో చర్మ డాక్టరమ్మ చూసి మొదట అడిగిన మాట, "మేనరికమా?" అవునన్నాం. ఈ లోపం ఇద్దరిలోనూ బయటపడకుండా ఉండి, ఇద్దరి దగ్గర్నుంచీ బిడ్డకి వచ్చిందని చెప్పింది. అంటుకునేది కాదు, పూర్తిగా పోయేదీ కాదంది. "రోజూ అరగంట గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టు. మెత్తటి గుడ్డతో నెమ్మదిగా రుద్దు, పొలుసులు పీకొద్దు. తువ్వాలుతో అద్ది, తడి ఆరకముందే ఒళ్ళంతా వాజిలిన్ పట్టించు. ఇంకోటి, ఈ పిల్లకి చెమట సరిగ్గా బయటికి రాదు. ఎండలో, ఉక్కలో ఉంచావంటే ఒళ్ళు కాలిపోద్ది. జాగ్రత్త."

ఆ చివరి మాట నేను బాగానే విన్నాను. అదే ఇప్పటికీ నన్ను తినేది.

అప్పట్నుంచీ రోజూ ప్లాస్టిక్ టబ్బులో కూర్చోబెట్టి నానబెట్టాను. నీళ్ళ మీద తెల్లగా పొట్టు తేలేది. మోచేతుల దగ్గర పగుళ్ళకి వాజిలిన్ రాస్తుంటే పాప పళ్ళు బిగబట్టి ఒకటి, రెండు అని లెక్కపెట్టేది. ఒక్కరోజు మానినా మర్నాటికి చర్మం బిర్రుగా లాగేసి, నవ్వితే పెదాల పక్కన చీలేది.

పాపకి ఆరో ఏడు నడుస్తుండగా, వైశాఖంలో, నా భర్త చెల్లెలి పెళ్ళి పెట్టుకున్నారు. ముందురోజు అమ్మమ్మ నన్ను వంటింటి వెనక్కి పిలిచింది.

"రేపు పిల్లని బయటికి తీసుకురామాక. మగపెళ్ళివాళ్ళు చూస్తే, పెళ్ళికూతురి కడుపునా ఇట్టాంటిదే పుడద్దనుకుంటారు. మిరపకాయల గదిలో కూర్చోబెట్టు."

నా భర్త వింటూనే ఉన్నాడు. "ఒక్క పూటే కదా" అన్నాడు. నేనూ అదే అనుకున్నాను.

పెళ్ళిరోజు పొద్దున స్నానాల గది ముందు చుట్టాలు వరసగా నిలబడ్డారు. పాపని నానబెట్టడానికి చోటు లేదు. పొడి చర్మం మీదే వాజిలిన్ రాసి, గౌను తొడిగి, ఆ గదిలో కూర్చోబెట్టాను. బస్తాలు అంతకుముందే కోల్డ్ స్టోరేజీకి పంపేశాం, ఊడ్చాం కూడా. అయినా ఘాటు పోలేదు. పైన రేకులు. టేబుల్ ఫ్యాను పెట్టి, చెంబుతో నీళ్ళిచ్చాను.

"అత్త పెళ్ళి నేను చూడొద్దా?"

"అయ్యాక చూద్దువు."

తలుపు తోసుకుని బయటికొస్తుందేమోనని, సందులోంచి పాప చూస్తుండగానే గొళ్ళెం నేనే పెట్టాను.

ముహూర్తం అవుతుండగా కరెంటు పోయింది. జనరేటరు వేశారు. అది పందిరికి మాత్రమే. అక్కడ ఫ్యాన్లు తిరుగుతుంటే నాకు గదిలో ఫ్యాను గుర్తు రాలేదు. బంతిలో పప్పు వడ్డిస్తున్నాను. మూడో బంతి లేచాక చేతులు కడుక్కుంటుంటే గుర్తొచ్చింది.

తలుపు తీసేసరికి పాప నేల మీద పడి ఉంది. మొహం ఎర్రగా కందిపోయింది. ఒంటి మీద ఒక్క చెమట చుక్క లేదు, ముట్టుకుంటే పెనంలా కాలుతోంది. గౌనంతా కక్కుకుంది. పిలిస్తే సగం కళ్ళు తెరిచింది. ఎత్తుకొచ్చి తొట్టి పక్కన పడుకోబెట్టి, నీళ్ళు పోసి, తడి చీర కప్పి విసిరాను. చుట్టాలందరూ వచ్చి చూశారు. దాచినదంతా అట్లా పెళ్ళివారి కళ్ళ ముందే బయటపడింది.

జీపులో దర్శి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. సెలైన్లు ఎక్కించారు. రెండు రోజులకి తేరుకుంది.

"బతికిందిగా, ఇంకా ఏడుపెందుకు" అంది అమ్మమ్మ. పెళ్ళీ చెడలేదు. ఆ ఆడపడుచు వెళ్ళింది బయటి సంబంధానికి. ఇద్దరు పిల్లలు, ఇద్దరికీ నున్నటి ఒళ్ళు. ఏ పండక్కి వచ్చినా వాళ్ళని నా కూతురి పక్కన పడుకోనిచ్చేది కాదు. అంటుకోదని ఎన్నిసార్లు చెప్పినా నవ్వి ఊరుకునేది.

తొమ్మిదో తరగతికి వచ్చేసరికి నా కూతురు స్నానం తనే చేసుకోవడం మొదలుపెట్టింది. వీపుకి మాత్రం నేను రాసేదాన్ని. ఒకరోజు అట్లా రాస్తుంటే అడిగింది.

"ఆ రోజు మిరపకాయల గదికి గొళ్ళెం ఎవరు పెట్టారమ్మా?"

అప్పటికి అమ్మమ్మ పోయి ఏడాదైంది.

"మీ నాయనమ్మ" అన్నాను.

 నా చేతిలోంచి డబ్బా తీసుకుని, "మిగతాది నేను రాసుకుంటాలే" అంది. మర్నాటి నుంచి వీపుకి కూడా నన్ను పిలవలేదు.