కవిత పైన రెండు వాక్యాలు

గ్రూపు సారు తన మాటలు దిద్దినందుకే భూలచ్చవ్వ అలిగి కవితలు మానేసిందని మా కోరుట్ల వాడకట్టులో అనుకుంటారు.

భూలచ్చవ్వ మా పక్కింటావిడ. నేను చిన్నమ్మా అని పిలిచేదాన్ని. ఏడో తరగతితో బడి మానేసి, ఆమె పక్కన కూర్చునే బీడీలు చుట్టడం నేర్చుకున్నాను. చాట ఒళ్లో పెట్టుకుని చేతులు ఆడిస్తూనే ఆమె కైతలల్లేది. రాయడం రాదు. ఫోన్‌లో మైకు నొక్కి చెబితే అక్షరాలు ఒకే వరసలో పడేవి.

ఊళ్లో కవులకు ఫోన్‌లో ఒక గ్రూపుంది. అది నడిపే సారు ఒకసారి ఆమె కవితలో "ఇంట్ల"ను "ఇంటిలో" చేశాడు. ఆ మంట ఆమెకు అప్పటికింకా చల్లారలేదు.

"ఈసారి నువ్వే పెట్టు బిడ్డా. నా మాట ఒక్కటి మారితే నీ చెవులు మెలేస్త."

"మార్చనే చిన్నమ్మా. పాదాలు విడగొడత, గంతే."

"పాదాలేందే, నాకున్నయి రెండే!" అని నవ్వింది.

నేను చదువుతూ, ఆమె గొంతు ఆగిన చోటల్లా వరస తెంచాను.

ఆకు తడిపిన
కత్తిరించిన
తంబాకు పోసి సుట్టిన

ఇంట్ల మాట
బయటికి రాకుంట
మూతి మలిచిన
దారం కట్టిన

చదివి వినిపిస్తే కళ్లు మూసుకుంది. "గిట్లనే అన్న నేను," అంది.

కవిత పైన రెండు వాక్యాల పరిచయం ఉండాలని గ్రూపు నియమం. అవి ఆమెకు చదివి వినిపించలేదు. కవిత ఆమెది, పరిచయం నాది అనుకున్నాను. నలుగురి మనసుకూ తాకాలని కూడా ఆశపడ్డాను.

పొద్దున్నే పోస్టు చేశాను. మధ్యాహ్నానికి దండాలు, పూలు, ఏడుపు బొమ్మలు వందకు పైగా వచ్చాయి. సాయంత్రం కార్ఖానాలో బీడీలు అప్పజెప్పే వరసలో ఒకామె అడిగింది.

"ఏమే భూలచ్చీ, పోరడు ఇంకా కొడుతుండా?"

భూలచ్చవ్వ నా వైపు చూసింది. ఇంటికి రాగానే గడప దగ్గర పోస్టు మొత్తం చదవమంది. చదివాను.

"నా మాటలు మార్చలే. సక్కగ పెట్టినవ్. మీద రాసినవ్ సూడు, గది నేను చెప్పమన్ననా?"

"తీసేస్త చిన్నమ్మా."

"సదివినోళ్ల కండ్లల్లకెల్లి ఎట్ల తీస్తవే?"

మర్నాటి నుంచి ఆమె చాట అవతలి వీధి అరుగుకు మారింది. ఎదురుపడితే పలకరిస్తుంది. చిన్నమ్మా అంటే మాత్రం పలకదు.

ఆ కవితను ఏ సారూ ముట్టలేదు. "కన్నకొడుకు చేతి దెబ్బలను ఎవరికీ చెప్పుకోని తల్లి ఈమె. ఈమె మౌనం వినండి" అని పైన రాసింది నేను. ఆ దెబ్బల సంగతి ఆమె నాకొక్కదానికే చెప్పింది.