స్పూను చుట్టూ గీసిన వృత్తం

మా అమ్మాయి విజయవాడ హాస్టల్లో ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నప్పుడు నాకు వారంలో ఆదివారం ఒక్కటే లెక్క. మిగతా రోజులు మైలవరంలో మా బట్టల కొట్లో చీరలు మడతపెడుతూ, సాయంత్రం కొట్టు వెనక గదిలో పిల్లలకి ట్యూషన్ చెబుతూ గడిపేసేదాన్ని. నేనూ ఒకప్పుడు ఇంటర్లో లెక్కలే చదివాను. పదో తరగతి వరకూ లెక్కలు చెప్పడానికి మా వీధిలో నాకు మంచి పేరే ఉంది. కానీ కడుపున పుట్టిన పిల్లకి చెప్పే అవకాశం కాలేజీవాళ్ళు లాక్కున్నారని నా కడుపుమంట.

హాస్టల్లో పిల్లల చేతికి ఫోను ఇవ్వరు. బుధవారం వార్డెన్ ఫోనులో కాసేపు మాట్లాడనిస్తారు. మొదట్లో మా పిల్ల ఆ కాసేపట్లోనే పప్పులో ఉప్పు ఎక్కువైన సంగతీ, పక్క మంచం పిల్ల నిద్రలో నవ్వే సంగతీ అన్నీ చెప్పేది. దసరా సెలవులు అయ్యాక మాటలు తగ్గిపోయాయి. తిన్నావా అంటే తిన్నాను, పడుకున్నావా అంటే పడుకున్నాను. ఇంట్లో ఉన్నప్పుడు దాని నోటికి తాళం వెయ్యలేక చచ్చేవాళ్ళం. అంత వాగుడుకాయ ఫోన్లో ఊఁ కొడుతూ ఉంటే నాకు అన్నం సహించేది కాదు.

ఒక బుధవారం అది ఏడవకుండా, మెల్లిగా చెప్పింది. "ఆదివారం వచ్చినప్పుడు నన్ను తీసుకెళ్ళిపో అమ్మా. ఈ లెక్కలు నా వల్ల కావు."

వారం పరీక్షలో మార్కులు తగ్గి దాన్ని కింది సెక్షన్‌కి మార్చారట. అంతకు మించి చెప్పలేదు. మా ఆయన విని, ఒక్కసారి అడిగి చూడు, ఇంకా కష్టమంటే తీసుకొచ్చెయ్, బలవంతం వద్దు అన్నారు. ఆయన అంత సులువుగా అంటారని నేను అనుకోలేదు. నాకు లోపల ఏమనిపించిందో దాచడం ఎందుకు, సంతోషమే అనిపించింది. అది వెళ్ళాక దాని మంచం మీద కొట్టు సరుకు పెట్టేశాం. ఆ మూటలన్నీ దించి, దుప్పటి మార్చి, దిండుకి కొత్త గలీబు తొడిగాను. దాని బట్టలు పట్టేంత పెద్ద సంచీ ఒకటి ఖాళీగా మడిచి పెట్టుకున్నాను.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కి, బస్టాండులో దిగి ఆటో పట్టుకున్నాను. బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఆటో ఆగిపోతే ఆటో అబ్బాయి కంగారు పడకండి ఆంటీ అన్నాడు. నేను కంగారు పడట్లేదు, తొందరపడుతున్నాను. పిల్లని తెచ్చుకోబోయే తల్లి ఎంత తొందరపడుతుందో అతనికేం తెలుసు.

హాస్టల్ వెనక ఒక రేకుల షెడ్డు, దాని పక్కన మట్టి నేల. ఆదివారాలు తల్లిదండ్రులంతా అక్కడే చాపలు పరుచుకుని క్యారియర్లు విప్పుతారు. ఒకరి గోంగూర వాసన ఇంకొకరి చేపల పులుసులో కలిసిపోతూ ఉంటుంది. మా పిల్ల వచ్చి కూర్చుంది. చిక్కిపోయింది. పులిహోర కలిపి పెడితే నాలుగు ముద్దలు తిని, "సంచీ తెచ్చావా?" అని అడిగింది. తెచ్చానన్నాను.

అప్పుడే లేచి వార్డెన్ దగ్గరికి వెళ్ళి ఉంటే కథ వేరేగా ఉండేది. కానీ ట్యూషన్ చెప్పేవాళ్ళకి ఒక రోగం ఉంటుంది. ఎక్కడ ఆగిపోయావో చెప్పు అని అడగకుండా ఉండలేరు. అడిగాను.

అది చాప అంచు గీకుతూ చెప్పింది. పదో తరగతిలో సైన్ అంటే ఎదుటి భుజాన్ని కర్ణంతో భాగించాలని నేనే నేర్పాను కదా. లంబకోణ త్రిభుజంలో ఒక కోణం తొంభై అయిపోయాక మిగతా రెండూ కలిపితే తొంభయ్యే. మరి ఇక్కడ సైన్ నూట ఇరవై అంటున్నారు, ఆ నూట ఇరవైని త్రిభుజంలో ఎక్కడ పెట్టాలి? క్లాసులో అడిగితే టేబుల్ బట్టీ పట్టమన్నారు. పట్టింది. ఎక్కడ ప్లస్, ఎక్కడ మైనస్, ముప్పైకి సగమా అరవైకి సగమా, పరీక్షలో అన్నీ కలిసిపోతున్నాయి. "అందరికీ అర్థమవుతోంది, నాకే బుర్ర లేదు," అంది.

నా ఒళ్ళు మండింది. అంత మంచి ప్రశ్న అడిగిన పిల్ల తనకి బుర్ర లేదనుకోవడమేమిటి?

దాని చుడీదార్ అంచు ఊడిందంటే కుట్టడానికని చేతి సంచీలో నూలు దారం ఉండ తెచ్చాను. పులిహోర వడ్డించిన స్టీలు స్పూను కడిగి, దాని కాడని నేలలో నిలువుగా గుచ్చాను. దారం ఒక కొస స్పూనుకి ముడేశాను, రెండో కొస తలలోని పిన్నుకి కట్టాను. దారం మూరెడు ఉంటుంది. బిగలాగి పట్టుకుని, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, వంగి స్పూను చుట్టూ పిన్నుతో మట్టిలో గీత గీస్తూ తిరిగాను. పక్క చాపల వాళ్ళు తినడం ఆపి చూస్తున్నారు.

మొత్తం తిరిగొచ్చేసరికి గీత మొదలైన చోటుకి రాలేదు. రెండు వేళ్ళ ఎడం లోపలికి వచ్చేసింది. మళ్ళీ గీశాను, మళ్ళీ అంతే. నేల ఎగుడుదిగుడుగా ఉందని నేలని తిట్టాను.

మా పిల్ల స్పూను దగ్గరికి వంగి చూసి, ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టింది. "అమ్మా, నువ్వు పెడన ముడి వేశావు."

నేను పెడనలో మగ్గాల ఇంట్లో పుట్టాను. మాకు చేతికి పోగు దొరికితే కదలని ముడి వెయ్యడమే వచ్చు. వదులు ముడి వేస్తే మా అమ్మ మొట్టేది, ముడి జారితే గుడ్డంతా పాడవుతుందని. నేను వేసిన ముడి స్పూను కాడకి అతుక్కుపోయింది. నేను తిరుగుతుంటే దారం కాడకి చుట్టుకుని పొట్టిదైపోతోంది. పొట్టి అయ్యే దారంతో ఎంత బిగలాగి గీసినా గీత లోపలికే వస్తుంది. మా పిల్ల ముడి విప్పి, కాడ చుట్టూ స్వేచ్ఛగా తిరిగేలా వదులుగా ఒక ఉచ్చు వేసింది. ఈసారి తనే తిరిగింది. గీత వెళ్ళి మొదలులో కలిసింది. ఆ నవ్వు విని నాకెన్ని రోజులైందో అని నేను గీతని చూడకుండా దాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఆ తర్వాత పని చకచకా సాగింది. స్పూను ఉన్న నడిమి మీదుగా అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీశాం. దారం పొడవు ఎంత అని అడిగితే స్కేలు లేదంది. స్కేలు ఎందుకు, ఈ దారమే ఒకటి అనుకో అన్నాను. కుడి చివర నుంచి బయలుదేరి వృత్తం మీద పైకి నడువు. ఎక్కడ ఆగినా రెండే ప్రశ్నలు. నడిమి నుంచి అడ్డంగా ఎంత జరిగావు, అది కాస్. అడ్డగీత నుంచి ఎంత ఎత్తు ఎక్కావు, అది సైన్. బయలుదేరే చోట అడ్డం ఒకటి, ఎత్తు సున్నా. వృత్తం నెత్తి మీద అడ్డం సున్నా, ఎత్తు ఒకటి.

అదే దారాన్ని బయలుదేరిన చోటు నుంచి వృత్తం మీదకి సాగదీసి, తగిలిన చోట గుర్తు పెట్టమన్నాను. నడిమి, మొదలు, ఆ గుర్తు, మూడింటి మధ్యా ఒకే దారం కాబట్టి మూడు భుజాలూ సమానం, కోణం అరవై. గుర్తు నుంచి కిందికి నిట్టనిలువుగా గీత దింపితే అది అడ్డగీతని నడిమికీ మొదలుకీ సరిగ్గా సగంలో తాకుతుంది. మా పిల్ల నమ్మకుండా దారాన్ని రెండుగా మడిచి నడిమి నుంచి పెట్టి చూసింది. సరిపోయింది. కాస్ అరవై సగం. ఎత్తు సంగతి తనే చెప్పింది, ఒకటిలోంచి సగం వర్గం పావు తీసేస్తే ముప్పావు, దాని వర్గమూలం రూట్ త్రీ బై టూ. నలభై అయిదు దగ్గర అడ్డం, ఎత్తు సమానం, రెండు వర్గాలూ కలిపి ఒకటి కావాలి గనక ఒక్కోటీ వన్ బై రూట్ టూ. ముప్పై దగ్గర అరవై త్రిభుజమే పక్కకి పడుకుంటుంది, అడ్డం ఎత్తవుతుంది, ఎత్తు అడ్డమవుతుంది. కాబట్టి సగం ఈసారి సైన్‌కి.

తర్వాత నేను చెప్పలేదు. అరవై గుర్తు నుంచి దారాన్ని మళ్ళీ అంతే దూరం వేసి, పిన్ను గుచ్చి, అక్కడే ఆగిపోయింది. నూట ఇరవై.

"ఎత్తు అదే," అంది. "ఎడమవైపుకి వెళ్ళాను కాబట్టి అడ్డం మైనస్ సగం. అంతేనా అమ్మా? త్రిభుజంలో పెట్టే పనే లేదా?"

అంతే అన్నాను. రెండొందల పదిని తనే చూసుకుంది, అడ్డగీత కిందికి దిగాం కాబట్టి ఎత్తు మైనస్ సగం, ఎడమకి ఉన్నాం కాబట్టి అడ్డం మైనస్ రూట్ త్రీ బై టూ. ఇక మూడొందలకి, రెండొందల ఇరవై అయిదుకీ నన్ను అడగనేలేదు. ఒక చేత్తో పిన్ను, ఇంకో చేత్తో మిగిలిన పులిహోర. పక్క చాపలోని ఇద్దరమ్మాయిలు కూడా వచ్చి కూర్చుంటే, వాళ్ళకి మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. దసరా ముందరి గొంతుతో, ఆగకుండా.

గంట కొట్టారు. వాచ్‌మన్ వచ్చి, టైమైందండీ అమ్మా అన్నాడు. మా పిల్ల లేచి, చేతులు దులుపుకుని, సంచీ వైపు చూసింది. నేనూ చూశాను. ఒక్క మాట, ఇంటికెళ్దాం పద అని నేను ముందంటే వచ్చేసేదే. మంచం మీద దుప్పటి గుర్తొచ్చింది. నోటిదాకా వచ్చిన మాటని మింగేశాను.

"ఈ వారం పరీక్ష రాసి చూస్తానమ్మా," అంది.

చూడమన్నాను. ఖాళీ సంచీని మడిచి క్యారియర్ కింద పెట్టుకుని బస్సెక్కాను. గొల్లపూడి దాటేదాకా బాగానే ఉన్నాను. ఆ తర్వాత కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. నేనే కదా చెప్పింది, నాకు నేనే చేసుకున్నాను కదా అని ఏడుపు. చెప్పకుండా ఉండి ఉంటే ఈపాటికి పక్క సీట్లో ఉండేది. పిల్లకి లెక్క వచ్చిందని సంతోషపడుతూనే, రాకపోయినా బాగుండేదని కుళ్ళుకున్న తల్లిని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

బుధవారం ఫోను వచ్చింది. పరీక్ష బాగా రాశానని, నూట యాభైకి సైన్ ఎంతో తెలియకపోతే పేపరు వెనక బుజ్జి వృత్తం గీసుకున్నానని గలగలా చెప్పింది. పక్క మంచం పిల్ల ఇప్పుడు నిద్రలో ఏడుస్తోందట. ఆ పిల్లకీ సెక్షన్ మారిందట. నేను ఆదివారానికి ఏం వండుకు రమ్మంటావే అని అడిగాను.

"ఈ ఆదివారం రావొద్దులే అమ్మా. మా గది వాళ్ళందరికీ సర్కిల్ చెప్తానన్నాను, ఖాళీ ఉండదు. నీ స్పూను నా దగ్గరే ఉంది, వెతుక్కోకు."

సరేనన్నాను. ఆ ఆదివారం కూడా అలవాటుగా పొద్దున్నే లేచి పులిహోర చేశాను. మా ఆయనకి చేత్తోనే వడ్డిస్తుంటే స్పూనేదని అడిగారు, అది హాస్టల్లో ఉందని చెప్పాను. తిన్నాక, పిల్ల ఇప్పట్లో రాదు కదా, మూటలు మళ్ళీ మంచం మీద పెట్టేద్దామా అన్నారు. వద్దండీ, నేల మీదే ఉండనివ్వండి అన్నాను.