ఆరు టేపుల్లో ఒక్క నవ్వు

మా ఆయన తీసిన పెళ్లిళ్లన్నీ నేనే ఎడిట్ చేసేదాన్ని. బందరులో మా చిన్న స్టూడియోకి కెమెరా ఆయనది, వెనకగదిలో కంప్యూటరు నాది. రికార్డింగ్ బటన్ ఆపడం మరిచిపోవడం ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్య. ఏ పెళ్లి టేపు చూసినా చెప్పుల వరసో, సాంబారు బకెట్టో ఓ పది నిమిషాలు ఉండాల్సిందే. తిట్టుకుంటూ కోసిపారేసేదాన్ని.

ఒక ఆషాఢంలో గిలకలదిండి నుంచి కొత్త పెళ్లికూతురు వచ్చింది. వాళ్ల నాన్నకు బోటు మీద చేపల వేట. పెళ్లికొడుకుది అవనిగడ్డ పక్క ఊరు. ఆషాఢం కదా, నెలంతా చెరో ఊళ్లో ఉండాలి.

"ఫొటోల్లో ఒక్కచోటా నవ్వలేదక్కా ఆయన. ఇష్టం లేని పెళ్లంట అని మా వీధంతా ఒకటే గుసగుసలు. నాకూ అట్టాగే అనిపిస్తంది. టేపుల్లో ఎక్కడన్నా నవ్వాడేమో చూడవా?" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

నాకు ఆ మహానుభావుడి మీద ఒళ్లు మండింది. "నవ్వకపోతే నేను నవ్విస్తాగా!" అనేశాను. నోరు జారడం నా విద్య.

ఆరు టేపులు, ఒక్కోటి గంట. అందులోంచి ఎనిమిది నిమిషాల హైలైట్స్ తియ్యాలి. డోలు దెబ్బ దెబ్బకీ షాటు మార్చాను. సన్నాయి సాగినచోట ఆ పిల్ల తలెత్తి మొగుణ్ణి చూసే షాటు స్లో మోషన్‌లో పెట్టాను. అంతా బ్రహ్మాండం! ఆ చూపు తర్వాత మాత్రం పెళ్లికొడుకు ఆముదం తాగినవాడిలా కళ్లు చిట్లించుకుని ఉన్నాడు. ఎక్కడో తీసిన అతని ఆవలింతను సగానికి కోసి, అక్కడ నవ్వుగా అతికించి చూశాను. ఎంత కోసినా ఆవలింత ఆవలింతే.

ఐదో టేపు చివర మా ఆయన వీడియో లైటు ఆర్పించి, కెమెరా కుర్చీలో పడేసి భోజనానికి వెళ్లాడు. బటన్ సంగతి షరా మామూలే. కోసెయ్యబోతూ ఆగాను. పక్కకు ఒరిగిపోయిన మసక బొమ్మలో పెళ్లికొడుకూ వాళ్లమ్మా కనిపించారు. పెళ్లికూతురు చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్లినట్టుంది.

"పొద్దుట్నుంచీ ఆ మొహమేంట్రా?" అంటోంది వాళ్లమ్మ.

"ఆ లైటు కళ్లల్లో కొడతంటే ఏం చెయ్యనే! పక్కనున్న పిల్లే కనపళ్లేదు. ఏ గదిలో ఉందో చెప్పవే, తనివితీరా చూసొస్తా!"

"సిగ్గులేదంట్రా!" అని ఆవిడ కొడుకు వీపు మీద ఒక్కటిచ్చింది. అతను నోరంతా తెరిచి నవ్వాడు.

నేను కుర్చీలోంచి ఎగిరి, కేకేసి, ముందుగదిలోకి పరిగెత్తి మా ఆయన్ని వాటేసుకున్నాను. ఎందుకో తెలియక ఆయన హడలిపోయాడు.

ఆ పిల్ల చూపు తర్వాత అదే పెట్టాను. అక్కడ మేళం పూర్తిగా ఆపేసి వాళ్ల మాటలే వదిలాను. నవ్వు మీద మళ్లీ డోలు అందుకుంది.

మర్నాడు ఆ పిల్ల వచ్చి చూసింది. "మళ్లీ వెయ్యక్కా" అంది. మళ్లీ వేశాను. అయిదోసారికి చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, గోడమీది క్యాలెండరు వైపు తిరిగింది.

"అక్కా, ఆషాఢం ఇంకా ఎన్ని రోజులుంది?"