అరవయ్యో అక్షరం తర్వాత

దుబాయ్‌లో నేనొక మనిషి ప్రాణం కాపాడాను. క్లినిక్కంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. డాక్టరు గారు నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

సరే, చప్పట్లు కొట్టలేదు. చాయ్ మాత్రం ఇచ్చారు, అదీ చల్లారింది. మిగతాది మాత్రం నమ్మొచ్చు, చాలావరకు.

కరామాలో ఒక చిన్న క్లినిక్. అక్కడ కంప్యూటర్లు చూసుకునే ముసలాడిని నేను. సత్వాలో నలుగురితో పంచుకున్న గదిలో పడుకుంటాను, పొద్దున్నే బస్సులో వస్తాను. ఆ వారమే పాత సర్వర్ తీసేసి కొత్తది పెట్టాం. చలికాలం. బయట పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, ఎదురు మేడకి రెండో అంతస్తు పైన ఏమీ లేదు. ఏసీ హోరులో, ఆ తెల్లటి వెలుతురులో, నేను మెలకువలో ఉన్నానో లేదో నాకే తెలియడం లేదు.

"అంకుల్! మీ కొత్త కంప్యూటర్ నా నోట్ తీసుకోవట్లేదు."

కాకినాడ వైపు నర్సమ్మ. ఆదివారం ప్రార్థనకి పాట ఎత్తుకుంటే కిటికీ అద్దాలు కదులుతాయి, కోపమొచ్చినా అదే గొంతు. తెరమీద ఎర్రక్షరాలు: డేటా టూ లాంగ్ ఫర్ కాలమ్. వాటి కిందే ఎలర్జీ రాసే గడి పేరు.

చూడగానే అర్థమైపోయింది నాకు. ముప్ఫై ఏళ్ల అనుభవం మరి.

అబద్ధం. ముందు ఆ పిల్లనే తిట్టాను. "అంత పొడుగు కథ ఎందుకమ్మా, ఉత్తరమా?" అన్నాను. తర్వాత మిషన్ రెండుసార్లు ఆపి మళ్లీ ఆన్ చేశాను. మూడోసారి ఆపబోతుంటే ఆవిడ, "కరెంటు తీసి పెడితే నా నోట్ చిన్నదవుతుందా అంకుల్?" అంది. అప్పుడు కూర్చుని చదివాను.

విషయం ఇదీ. ఆ గడి వెడల్పు అరవై అక్షరాలు. పాత సర్వర్‌లో స్ట్రిక్ట్ మోడ్ లేదు. ఎంత పొడుగు రాసినా అరవై దాకా ఉంచుకుని మిగతాది కత్తిరించేసేది. లోపల ఎక్కడో ఒక హెచ్చరిక గొణిగేది, మా ప్రోగ్రాం దాన్ని ఎవరికీ చూపించేది కాదు. కొత్తదాంట్లో స్ట్రిక్ట్ మోడ్ దానంతటదే ఆన్ అయి వచ్చింది. పట్టనిది పట్టదని మొహమ్మీదే చెప్పింది. ఇన్నేళ్లకి నిజం చెప్పిన మొదటి మిషన్ అది, దాన్నే మేం పాడైందనుకున్నాం.

ముదీర్ వచ్చాడు. మేనేజర్ని ఇక్కడ అందరం అలాగే అంటాం. సంగతి విన్నాడు. బయట పదిమంది రోగులు కూర్చున్నారు.

"వో స్ట్రిక్ట్ వాలా బంద్ కరో. ఖలాస్."

దాన్ని ఆపెయ్యడానికి ఒక్క లైను మారిస్తే చాలు. ఎర్రక్షరాలు పోతాయి, అందరూ నవ్వుతారు. నా వేలు మీట మీదే ఉంది. కానీ ఎందుకో ఆగాను. పాత నోట్లలో తెగినవెన్నో చూద్దామని సర్వర్‌కి ఒక ప్రశ్న వేశాను: ఎలర్జీ నోట్ సరిగ్గా అరవై అక్షరాలున్న వరుసలు చూపించు. తెగింది ఎప్పుడూ అంచుదాకా వచ్చి ఆగుతుంది కదా. నలభై ఒక్కటి వచ్చాయి. నిజంగానే అరవైకి ముగిసినవి ఒకటీ అరా ఉండొచ్చు. మిగతావన్నీ వాక్యం మధ్యలో ఆగిపోయినవి.

వాటిని కిందికి జరుపుతుంటే కలలో నడుస్తున్నట్టే ఉంది. ఎవరిదో దురద, ఎవరిదో వాపు, ఎవరో 'చిన్నప్పుడు ఒకసారి' అని మొదలుపెట్టి మాయమైపోయారు. ఆ తెగిన ముక్కలన్నీ ఎక్కడికి వెళ్లాయో! ఎక్కడికీ వెళ్లవు. సర్వర్ వాటిని దాచనే లేదు. అది నాకు తెలుసు, అయినా ఏదో గదిలో తలుపు అవతల గుసగుసగా ఉన్నట్టే అనిపించింది.

నర్సమ్మ నా భుజం మీదుగా చదువుతోంది. "అంకుల్, మేం రోగి చెప్పిన వరసలోనే రాస్తాం. వీళ్లు కథ ముందు చెప్తారు. తిండి, దుమ్ము, ఊరు అన్నీ అయ్యాక చివర్లో మందు పేరు."

"అంటే తెగింది..."

"మందు పేరే." ఆవిడ వేలు ఒక వరుస మీద ఆగింది. "అయ్యో. ఈయన ఇప్పుడు లోపలే ఉన్నాడు. కాలికి చీము పట్టింది. డాక్టరు గారు పెన్సిలిన్ సూది రాశారు."

ఆ నోట్ ఇంగ్లీషులో ఉంది. రొయ్యలు తింటే దురద, సైట్‌లో దుమ్ముకి తుమ్ములు, ఇంకా... ఆ 'ఇంకా' దగ్గర అరవై అయిపోయాయి. చూసినవాళ్లకి రొయ్యలూ దుమ్మూ మాత్రమే కనిపిస్తాయి.

ఆవిడ పరిగెత్తింది. నేనూ పరిగెత్తాను, జింకలాగా. అంటే, గోడ పట్టుకుని వెళ్లాను.

నిర్మల్ వైపు మనిషి, మేస్త్రీ పని. బల్లమీద కాలు చాపుకుని ఉన్నాడు. పక్కన ట్రేలో సూది.

"అన్నా, నీకు ఏ మందు పడదు?" అంది నర్సమ్మ.

"పోయినసారే చెప్పిన గద సిస్టరమ్మా. కంప్యూటర్ల కొట్టుకున్నరు గద. మళ్ల అడుగుతరేంది?"

"పేరు చెప్పన్నా."

"పేరు నాకేమెర్క? మా ఊరి దవాఖాన చీటీ సూపిచ్చిన. గది ఇంటికి పంపిన." నన్ను చూశాడు. "సారూ, మీ డబ్బ మర్శిపోయిందా?"

సూది ఆగింది. కంప్యూటర్లోకి ఎక్కించేముందు నర్సులు చేత్తో నింపే రిజిస్ట్రేషన్ కాగితాలు స్టోర్ గదిలో పెట్టెల్లో ఉన్నాయి. ముదీర్ కూడా టై లోపలికి దోపుకుని కింద కూర్చున్నాడు. ధూళి, కాగితాల వాసన, ఎవరెవరివో ఫోటోలు. నాలుగో పెట్టెలో ఆయనది దొరికింది. ఇంకా, అని ఉంది. తర్వాత: పెన్సిలిన్ ఇస్తే మొహమంతా వాచి ఊపిరాడలేదు.

డాక్టరు వేరే మందు రాశారు. మనిషి కుంటుకుంటూ వెళ్లిపోయాడు, ఏ గండం తప్పిందో తెలియకుండానే.

ముదీర్ ఇక స్ట్రిక్ట్ మోడ్ మాట ఎత్తలేదు. "యల్లా, కానివ్వు, నీ ఇష్టం" అన్నాడు. దాన్ని ఆపేస్తే ఎర్రక్షరాలు పోతాయిగానీ కత్తెర తిరిగొస్తుంది. అరవైలోనే రాయమని నర్సులకి చెప్పడమంటే రోగిని మధ్యలో నోరుమూయమనడమే. మధ్యాహ్నం క్లినిక్ మూసిన వేళ, ముందు కాపీ తీసిపెట్టుకుని, ఆ గడిని ఐదు వందల అక్షరాలకి పెంచాను. పడని మందు పేరుకి వేరే గడి, మొదట్లోనే.

"అసలు అరవై ఎవరు పెట్టారంకుల్?" అంది నర్సమ్మ.

ఎవరో పాత కంపెనీ కుర్రాడన్నాను. ఏ కుర్రాడు, అంది. కిటికీలో పొగమంచు పోయి ఎండ వచ్చేసింది.

"నేనే తల్లీ. ఎనిమిదేళ్ల కింద. తెరమీద ఒక్క వరుసలో అందంగా పడుతుందని."

తిట్టలేదు. ఫోను నా ముందుకి జరిపింది. "అయితే మిగతా నలభైకి మీరే చెయ్యండి."

నాలుగు రోజులు చేశాను. పెట్టెల్లో కొన్ని దొరికాయి, ఫోన్లో కొన్ని. ప్రతివాడూ కథ మొదటినుంచీ ఎత్తుకున్నాడు, నేను మధ్యలో ఆపలేదు. ఆరుగురు దొరకలేదు. నంబర్లు పనిచెయ్యడం లేదు, దేశం వదిలిపోయారేమో. వాళ్ల నోట్ల ముందు, అందరికన్నా ముందు కనబడేలా, ఇలా కొట్టాను: ఇది తెగిపోయింది, మనిషిని అడగండి.

ఆరు వరుసలూ ఒక్కసారికే సేవ్ అయ్యాయి.