లేబర్ పక్కన లేని ‘ను’

ఆ ఏడు నా బుర్రనిండా ఒకటే పట్టిక. ఎవరు కదిలించినా దాన్నే అప్పజెప్పేదాన్ని. మనం చేసే పని దేనిమీద పడుతుందో ఆ మాటకు ‘ని’, ‘ను’ ఎప్పుడు తగిలిస్తాం, ఎప్పుడు వదిలేస్తాం అన్నది నా పరిశోధన. ప్రాణం లేనివాటికి వదిలేయొచ్చు. చెట్టు నరికినం, అన్నం తిన్నం. ఫలానా చెట్టని ప్రత్యేకంగా చెప్పాలంటే ‘చెట్టును’ అంటాం, అదీ తప్పనిసరి కాదు. మనుషులకు మాత్రం వదలకూడదు. ‘కొడుకును కొట్టిండు’ అనాల్సినచోట ‘కొడుకు కొట్టిండు’ అంటే దెబ్బలు తిన్నవాడే కొట్టినవాడైపోతాడు. పశువులది నడిమి గడి, గోడమీద పిల్లి వాటం.

జనగామలో మా ఇంట్లో కూర్చుని రాస్తే ఇదంతా చక్కగా ఉండేది. పెద్దవంగర దగ్గరి తండాకు పోతేనే తల తిరిగేది. అక్కడ ఒక అక్క నాకు వాక్యాలు చెప్పేది. వాళ్ళ ఇంటి భాష వేరు, తెలుగు అంగడిలో, చేనులో నేర్చింది. బొమ్మలు చూపించి ఏం జరుగుతోందని అడిగేదాన్ని. తన మేకను గురించి ఎప్పుడు చెప్పినా “మేకను మేపిన, మేకను కట్టేసిన” అనేది. ఆ మేకనే తొర్రూరులో అమ్మి వచ్చిన రోజు మాత్రం “మేక అమ్మిన” అంది. అదే మేక, అదే నోరు. ‘ను’ ఏమైందని అడిగితే, అమ్మింది మేకే కదా అని నన్నే వింతగా చూసింది.

మా గైడుకు ఫోన్ చేశాను. అది ఇంటి భాష ప్రభావం కావచ్చు, ఆమె తెలుగును లెక్కలోకి తీసుకోవద్దు అన్నారు. నాకు ఒళ్ళు మండింది. మా అమ్మ కూడా ‘కోడి కోసినం’ అంటుంది, మరి ఆమె తెలుగునూ తీసేద్దామా? ఫోన్ పెట్టేసి అక్క వాక్యాలను పట్టికలోనే ఉంచాను.

మిరప తోటల పని మొదలయ్యే రోజుల్లో ఒక పొద్దున మళ్ళీ తండాకు వెళ్ళాను. భూపాలపల్లి వైపు పోవడానికి వ్యాను ఆగి ఉంది. అందులో మూటలు, గిన్నెలు, ఆడపిల్లలు. అక్క కూతురు మొదటిసారి పోతోంది. అక్క వ్యాను తలుపు పట్టుకుని నిలబడింది. కూలికి మనుషులను కుదిర్చే తొర్రూరు మేస్త్రీ ఫోన్‌లో తోట యజమానితో మాట్లాడుతున్నాడు.

“లేబర్ తీసుకొస్తున్న, మాపటికల్లా ఉంటం.”

‘లేబర్‌ను’ అనలేదు. మనుషుల గడిలో ‘ను’ లేదు. మేస్త్రీది అచ్చంగా తొర్రూరు తెలుగు, ఇంటి భాష ప్రభావమనడానికీ లేదు. అక్కడున్నవాళ్ళంతా మనుషులు, పేర్లున్నవాళ్ళు. చెట్టు నరికినట్టు, నీళ్ళు తెచ్చినట్టు, లేబర్. రాసుకోవాలా, సిగ్గుపడాలా అర్థం కాలేదు.

అక్క తలుపు వదల్లేదు. పోయినేడు ఆ పనికే పోయిన ఒక పిల్లకు జ్వరమొస్తే, ఎవరింటి పిల్లో మేస్త్రీకి తెలియక, ఇంటికి కబురందక దవాఖానకు తీసుకుపోవడం ఆలస్యమైందట. అందుకే ఆమె ఒక పట్టు పట్టింది.

“ఒక్కొక్కలను చూసి ఎవలింటి పిల్లనో చెప్పు. అప్పుడు తోలుకపో.”

మేస్త్రీ విసుక్కున్నాడు. తక్కిన తల్లులూ వచ్చి తలుపు చుట్టూ నిలబడ్డారు. అతను వ్యానులోకి తొంగిచూస్తూ, తప్పినప్పుడు దిద్దించుకుంటూ మొదలుపెట్టాడు. ఫలానావాళ్ళ బిడ్డను, ఫలానావాళ్ళ కోడలిని. చివరికి అక్క దగ్గర ఆగాడు.

“అక్కా, నీ బిడ్డను తీసుకపోతున్న. నేనే మళ్ల తోలుకొస్త.”

అక్క తలుపు వదిలింది. వ్యాను పోయింది.

ప్రతి మాటకూ ‘ను’, ‘ని’ వచ్చాయి. కానీ దానితో ఏం తేలింది? ఫలానా మనిషికి అది ఎలాగూ వస్తుంది, నా పట్టిక ఎప్పుడో చెప్పింది. తేలనిది ఆ లేబరే. పేరు లేని గుంపు మనుషుల గడిలో ఉండాలా, మేక గడిలోనా, చెట్టు గడిలోనా? కోపమంతా మేస్త్రీ మీదికి మళ్ళింది. అక్క నా పక్షానే ఉంటుందన్న నమ్మకంతో అడిగాను, ‘లేబర్ తీసుకొస్తున్న’ అనడం తప్పే కదా అని.

ఆమె ఇంకా వ్యాను పోయిన దారివైపే చూస్తోంది.

“తప్పేముంది చెల్లె, అందరం గట్లనే అంటం. పోయినేడు నా పత్తికి నేను గూడ లేబర్ పెట్టిన. ఎవలెవలు వచ్చిన్రో ఇప్పుడు యాదికి లేదు.”